నీళ్లు తగ్గని బ్యాటరీనే ముందు చూపించండి

ప్రశ్న: సార్, నేను విజయవాడ సింగ్‌నగర్‌లో బ్యాటరీ ఆటో నడుపుతున్నాను. 130 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు వేయించి 9 నెలలే అయింది. మొదట్లో 75 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 40 దాటితే ఆగిపోతోంది. మూడింట్లో వారం తిరక్కుండా నీళ్లు తగ్గిపోతున్నాయి. ఒకదాంట్లో తగ్గవు, అదొక్కటే బాగుందని మెకానిక్ అంటున్నాడు. రాత్రి ఛార్జర్ టైమర్ 12 గంటలకు తిప్పి పడుకుంటాను. కొత్త సెట్ 47,000, పాతవి ఇస్తే 11,000 తగ్గిస్తారట. ఫైనాన్స్ ఆయన చేతికి 36,000 ఇచ్చి, రోజుకు 400 చొప్పున 100 రోజులు కట్టమంటున్నాడు. తీసుకోనా? కొందరు లిథియం వేయించమంటున్నారు.

జవాబు: ఈ వారం మాత్రం ఆ అప్పు తీసుకోకండి. ముందు వారంటీ కార్డు వెతకండి. 9 నెలలే కాబట్టి గడువు ఇంకా ఉండొచ్చు. ఉంటే బ్యాటరీలను బయట ఎవరి చేతా విప్పించకుండా, కొన్న షాపులోనే చూపించండి. ప్లేట్లు ఎండి కనిపిస్తే క్లెయిమ్ కొట్టేస్తారు కాబట్టి నీటి మట్టం సరిచేసుకుని వెళ్లండి.

మీ మెకానిక్ మాటతో నేను ఏకీభవించను. నీళ్లు తగ్గనిదే బహుశా జబ్బు పడిన బ్యాటరీ. మీ లైట్లు, హారన్, పాటల సెట్, ఫోన్ ఛార్జింగ్ వైర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో సీటు ఎత్తి చూడండి. చాలా బండ్లలో 12 వోల్టుల కోసం నాలుగింట్లో ఒకదానికే వైర్లు తగిలించేస్తారు. మీదీ అలాగే ఉంటే, ఆ ఒక్క బ్యాటరీ బండిని లాగడంలో మిగతా మూడింటితో సమానంగా పనిచేస్తూనే, అదనంగా ఈ సామాన్లనూ మోస్తోంది. 3 ఆంపియర్ల చొప్పున 6 గంటలు వాడినా 18 ఏహెచ్. 130లో ఇది చిన్న వాటా కాదు.

రాత్రి ఛార్జింగ్‌లో ఏమవుతుందో చూడండి. ఛార్జర్‌కు నాలుగు బ్యాటరీలు విడివిడిగా కనిపించవు, మొత్తం వోల్టేజీ ఒక్కటే కనిపిస్తుంది. మూడు బ్యాటరీలు నిండిపోయి తలా 15 వోల్టులకు చేరితే, నాలుగోది 13.2 దగ్గరే ఉందనుకోండి. మొత్తం 58.2. ఛార్జర్ లెక్కలో సెట్ నిండినట్టే. పైగా టైమర్ ఛార్జర్‌కు ఆ లెక్క కూడా అక్కర్లేదు, మీరు తిప్పిన గంటలు అయ్యేదాకా కరెంటు పంపుతూనే ఉంటుంది. నిండిన మూడింట్లో ఆ కరెంటు నీళ్లను వాయువులుగా విడగొట్టి బుడగలుగా బయటికి పంపుతుంది, ప్లేట్లకున్న మందును రాలుస్తుంది. నిండని దాంట్లో బుడగలే రావు, అందుకే నీళ్లు తగ్గవు. కానీ రోజూ సగం ఆకలితో పడుకోవడం వల్ల దాని ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మర్నాడు ముందు ఖాళీ అయ్యేది అదే, బండిని 40 కిలోమీటర్ల దగ్గర ఆపేదీ అదే.

ఇది నిజమో కాదో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది మీరే చేసుకోవచ్చు. ఛార్జింగ్ చివరి గంటలో మల్టీమీటర్‌తో ఒక్కో బ్యాటరీ మీద వోల్టేజీ చూసి కాగితం మీద రాయండి. సీటు తెరిచి ఉంచండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు, బుడగలతో వచ్చేది హైడ్రోజన్. మూడు 15 దగ్గర, ఒకటి 13 చిల్లర దగ్గర ఉంటే నా అనుమానం నిజమే.

రెండోది హైడ్రోమీటర్ పరీక్ష. ఆటోనగర్‌లో ఏ బ్యాటరీ షాపులోనైనా చేస్తారు. నాలుగు బ్యాటరీల్లో కలిపి 24 సెల్లు, అన్నింటి గ్రావిటీ రాయించుకోండి. నిండా ఛార్జ్ అయిన మంచి సెల్ సుమారు 1260–1280 చూపిస్తుంది. నీళ్లు పోసిన వెంటనే చూస్తే తప్పుడు లెక్క వస్తుంది, పోసి ఛార్జ్ అయ్యాకే చూడాలి. అనుమానపు బ్యాటరీలో ఆరు సెల్లూ ఒకేలా 1190 దగ్గర ఉంటే అది ఆకలి మాత్రమే. దాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్‌తో తక్కువ కరెంటు మీద ఒక రోజంతా ఎక్కిస్తే గ్రావిటీ పైకి రావచ్చు. ఐదు సెల్లు 1250 ఉండి ఒకటి 1150 ఉంటే ఆ సెల్ షార్ట్ అయినట్టే, దానికి డబ్బు తగలేయకండి. మిగతా మూడింట్లో నుంచి హైడ్రోమీటర్‌లోకి ముదురు గోధుమ రంగు బురద వస్తే ప్లేట్లు రాలిపోయాయని అర్థం, అప్పుడు సెట్ మార్చక తప్పదు.

ఆకలి మాత్రమే అని తేలితే సామాన్ల వైర్లు ఆ బ్యాటరీ నుంచి తీయించి, 48 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ పెట్టించండి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అది నాలుగింటి నుంచీ సమానంగా తీసుకుంటుంది.

టైమర్ సంగతి. మీ ఛార్జర్ 15 ఆంపియర్లదైతే, రోజంతా తిరిగి 90 ఏహెచ్ వాడినప్పుడు 6 గంటల్లో ఆ వాడింది తిరిగి చేరుతుంది. చివర్లో నెమ్మదిగా నిండడానికి ఇంకో రెండు మూడు గంటలు. అంటే 9 గంటలు. సగం రోజే తిరిగితే 6 చాలు. మధ్యాహ్నం స్టాండ్ దగ్గర రెండు గంటలు పెట్టి, రాత్రి మళ్లీ 12 తిప్పడం అన్నింటికన్నా చెడ్డది. ఒక రాత్రి మేలుకుని సెట్ వోల్టేజీ గంటకోసారి చూడండి, వరుసగా రెండుసార్లు పెరగకపోతే అదే మీ గడువు. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయండి, ముందే నిండా పోస్తే పొంగి యాసిడ్ బయటికి పోతుంది. ప్లేట్లు తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. 20 లీటర్ల క్యాన్ నీళ్లు తాగడానికే, బ్యాటరీకి కాదు.

ఇక డబ్బు. 4,000 వడ్డీ తక్కువగానే కనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు 6 రూపాయల పైనే పడుతుంది. అంతకన్నా పెద్ద కన్నం వేరే ఉంది. 36,000 సెట్ 9 నెలలు వస్తే నెలకు 4,000 అరుగుదల. అదే 14 నెలలు వస్తే సుమారు 2,570. నెలకు 1,430 తేడా. మూడు నెలలకే ఆ వడ్డీని మించిపోతుంది. వైరింగ్, టైమర్ మార్చకుండా కొత్త సెట్ వేస్తే మళ్లీ 9 నెలలకు నాకు ఇదే ఉత్తరం రాస్తారు.

సెట్ నిజంగానే పోయిందని తేలితే, ఇంట్లో ఎవరైనా డ్వాక్రా సంఘంలో ఉన్నారేమో చూడండి. బ్యాంకు ద్వారా వచ్చే ఆ అప్పు నూటికి రూపాయి అటూఇటూగా ఉంటుంది. ఒకటి రెండు వారాలు ఆలస్యమైనా ఆగడమే లాభం. పాత మూడింటి పక్కన కొత్తది ఒక్కటి వేయించకండి. వయసు తేడా వల్ల మళ్లీ ఇదే హెచ్చుతగ్గు మొదలవుతుంది. లిథియం ఇప్పుడు వద్దు. పెట్టుబడి చాలా ఎక్కువ, ఛార్జర్ కూడా మార్చాలి, అంత డబ్బు రోజువారీ ఫైనాన్స్‌లో తెస్తే కిరాయి మొత్తం వాళ్లకే పోతుంది.

బండి తిప్పిన ప్రతి రోజూ 115 రూపాయలు వేరే ఖాతాలో వేయండి. నెలకు 26 రోజుల చొప్పున ఏడాదికి 36,000 దాకా అవుతుంది. అది ఇంటి ఖర్చు ఖాతా కాకూడదు, యూపీఐకి కలపని ఖాతా అయితే మరీ మంచిది.