నడుము ఎంఆర్ఐలో నల్ల డిస్క్: ఫొటో చూసి ఆపరేషన్ చెప్పగలమా?

"మాది చిత్తూరు. నాన్నకు 60 ఏళ్లు, నడుము నొప్పి. ఎంఆర్ఐ ఫిల్మ్ ఫొటో పెట్టాను. ఎల్4-ఎల్5 డిస్క్ నల్లగా ఉంది. ఆపరేషన్ తప్పదా?"

ఆ నలుపు చూసి టెన్షన్ పడకండి. ఎల్4-ఎల్5 డిస్క్ అంటే నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్తటి దిండు. మీరు పెట్టింది పక్కనుంచి తీసిన టీ2 చిత్రం. అందులో నీరు తెల్లగా కనిపిస్తుంది, అందుకే వెన్నులో నరాల చుట్టూ ఉండే ద్రవం తెల్లటి చారలా ఉంది. డిస్క్‌లో తేమ తగ్గితే నల్లబడుతుంది. నొప్పే లేని 60 ఏళ్లవాళ్లను స్కాన్ చేసినా, దాదాపు 10 మందిలో 9 మందికి ఏదో ఒక డిస్క్ ఇలా అరిగి కనిపిస్తుంది. కాబట్టి నొప్పికి కారణం అదేనని ఫొటో చెప్పలేదు.

నరం నొక్కుకుందా అన్నది అడ్డంగా తీసిన చిత్రాల్లో చూడాలి. మొత్తం స్కాన్‌లో వందకు పైగా చిత్రాలుండొచ్చు, మీ ఫొటోలో ఉన్నది ఒక్కటే. పైగా లైటు మెరుపు పడింది. సెంటర్‌లో సీడీ అడిగి తీసుకోండి, రిపోర్టుతో పాటు తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఫొటోలో నాన్నగారి పేరు, ఐడీ నంబరు కనిపిస్తున్నాయి, ముందు అవి తీసేయండి.

డాక్టర్ స్కాన్‌ను ఒంటితో పోల్చి చూస్తారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారితే సాధారణంగా ఎల్5 నరం నలుగుతుంది: నొప్పి పిక్క బయటి వైపు నుంచి పాదం పైకి పాకుతుంది, బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది. ఆయనకు నొప్పి నడుములోనే ఉంటే, ఆ నల్ల డిస్క్ ఒక్కదాని కోసం ఆపరేషన్ మాట సాధారణంగా రాదు.

మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పుతున్నా మాత్రం సీడీ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.