‘రీప్లేస్’ దగ్గర ఒకసారి ఆగు

ప్రియమైన చెల్లికి,

నువ్వు పంపిన హైడ్రాలిక్ ప్రెస్ మెయింటెనెన్స్ పుస్తకం అనువాదం చదివాను. ఇంకొకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి చేయించావనీ, మూలంతో పోలిస్తే ఎక్కడా తేడా రాలేదనీ రాశావు. మంచి పనే చేశావు. కానీ ఫిల్టర్ మార్చే పేజీ మళ్లీ ఒకసారి తీసి చూడు.

మూలంలో ‘రీప్లేస్ ది ఫిల్టర్’ అని ఉంది. రెండు వాక్యాల తర్వాత ‘రీప్లేస్ ది కవర్’ అని ఉంది. మొదటిది, పాత ఫిల్టర్ తీసేసి కొత్తది వేయమని. రెండోది, విప్పిన మూతనే మళ్లీ బిగించమని. నువ్వు రెండు చోట్లా ‘తిరిగి అమర్చండి’ అన్నావు. మూతకు సరిపోయింది. ఫిల్టర్ దగ్గర మాత్రం మెకానిక్ మడ్డి పట్టిన పాతదాన్నే తుడిచి లోపల పెట్టేస్తాడు. తిరిగి అనువదించిన ఆయన ‘తిరిగి అమర్చు’ అనే మాటకు కూడా ‘రీప్లేస్’ అనే రాశాడు. అది ఆయన తప్పు కాదు, ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. దాంతో మూలానికీ దీనికీ అక్షరం తేడా లేకుండా పోయింది. తప్పు తెలుగులోనే ఉండిపోయింది.

కాబట్టి మాటలు కలిశాయా అని కాదు, చేసే పని ఒకటేనా అని చూడు. మూలంలో ‘బోల్టులు బిగించే ముందు సీల్ చూడండి’ అని ఉండి, ‘సీల్ చూశాక బోల్టులు బిగించండి’ అని తిరిగి వస్తే కంగారు పడకు, పని అదే. ‘బోల్టులు బిగించాక సీల్ చూడండి’ అని వస్తే మాత్రం ఆగు. అప్పుడు కూడా ముందు నీ తెలుగు వాక్యం చదువు. పొరపాటు తిరిగి అనువదించినవాళ్లదే కావచ్చు.

వాళ్లకు మూలం చూపించకూడదని నీకు తెలుసు. ఇంకో చిక్కు ఉంది. యంత్రం బాగా తెలిసినవాళ్లు మన తప్పును తెలియకుండానే సరిచేసి రాసేస్తారు. కొత్తలో నేను ‘బ్లీడ్ ది లైన్’ను ‘లైన్‌ను స్రవింపజేయండి’ అని రాశాను. తిరిగి అనువదించినాయన అనుభవజ్ఞుడు, చక్కగా ‘బ్లీడ్’ అనే రాసిచ్చాడు. అంతా సరిగ్గా ఉందని పంపేశాను. తర్వాత ఒక మెకానిక్ ఫోన్ చేసి, నూనె ఎక్కడి నుంచి కార్చాలని అడిగాడు. లైన్‌లో చిక్కుకున్న గాలి తీసేయమని నేను రాయనే లేదు. అప్పటి నుంచి తిరిగి అనువదించేవాళ్లకు ఒక మాట చెబుతున్నాను: ఊహించి రాయొద్దు, వాక్యానికి రెండు అర్థాలు తోచినా, చదువుతూ ఎక్కడ తడబడినా పక్కన గీత పెట్టండి. తిరిగి వచ్చిన ఇంగ్లీషు కంటే ఆ గీతలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఫిల్టర్ పేజీ దిద్దాక, ఇంగ్లీషు మూలం చూడని మెకానిక్ ఒకరికి ఇచ్చి, పక్కన నిలబడు. ఏమీ చెప్పకు. కొత్త ఫిల్టర్ ఎక్కడుందని ఆయనే అడగాలి.

నీ అక్క