ఒకటో తరగతికి ముందు చేసే రెడీనెస్ టెస్ట్: ఒక ఏడాది ఆగాలా?

"మా బాబుకి ఐదేళ్ల పది నెలలు, రెడీనెస్ టెస్ట్‌లో తక్కువ వచ్చింది, ఏడాది ఆపమంటారా?"

మొత్తం మార్కు చూసి నిర్ణయించకండి, ఎక్కడ తగ్గిందో అడగండి. ఆ టెస్ట్ చూసేది చదువు కాదు. "పుస్తకం మూసి, పెన్సిల్ ఇక్కడ పెట్టి రా" అంటే రెండు పనులూ గుర్తుపెట్టుకుని చేస్తాడా, ఏడు గింజల్ని ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెడతాడా, అమ్మ పక్కన లేకపోయినా కాసేపు కూర్చుంటాడా, ఇవీ చూసేవి. కొత్త మనిషి ముందు బెదిరినా మార్కు పడిపోతుంది, అందుకే ఇంకో రోజు మళ్లీ చూడమనండి.

పెన్సిల్ పట్టు ఒక్కటే తక్కువైతే నేనైతే ఆపను, అది క్లాసులోనే కుదురుకుంటుంది. మనం చెప్పే మాటలే వాడికి అర్థం కాకపోతే మాత్రం ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్ట్. వట్టినే ఏడాది ఆపితే ఆ లోపం అలాగే ఉండి, సాయం ఏడాది ఆలస్యమవుతుంది.