చెల్లె పెళ్లిలో పేలాలు పోసింది నేనే

"నేను ట్రాన్స్ మగవాణ్ని. ఐదేళ్ల నుంచి ఊరికి పోలేదు. వచ్చే నెల చెల్లె పెళ్లి. పోవాలని ఉంది, భయంగానూ ఉంది. ఇట్లా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వెళ్లొచ్చాను. మాది దేవరకొండ దగ్గర ఊరు. 2025 మే నెలలో పెళ్లి. అప్పటికి నాలుగేళ్లుగా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. గొంతు మారిపోయింది, గడ్డం నిండుగా వచ్చింది. ఊళ్లో వాళ్లకు మాత్రం జడ వేసుకున్న పాత మనిషే గుర్తు.

రెండు నెలల ముందే చెల్లె ఫోన్ చేసింది. "పేలాలు బాబాయి కొడుకుతో పోయిస్తమంటున్నరు. నాకున్న అన్నవు నువ్వే గదా" అంది. హోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె తోడబుట్టినవాడు. అమ్మ ఆలోచన వేరే. "ఒక్క దినానికి చీర కట్టుకో బిడ్డా, నలుగుర్ల మాట రాకుంటది" అంది. "గడ్డమున్న మొఖానికి చీర కడితేనే నలుగురు నిలబడి చూస్తరమ్మా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చీర మాట మళ్లీ ఎత్తలేదు.

మీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మిమ్మల్ని మొదటిసారి చూసే షాక్ పందిట్లో జరగనివ్వకండి. పెళ్లికి ముందే, ఇంట్లో మాట చెల్లే ఒక్క మనిషికి మీ ముఖం చూపించండి, గొంతు వినిపించండి. మా ఇంట్లో ఆ మనిషి మేనమామ. పెళ్లికూతుర్ని గంపలో తెచ్చేది ఆయనే, నాయిన కూడా ఆయన మాట తీసెయ్యడు. వీడియో కాల్ చేస్తే కాసేపు చూస్తూ ఉండిపోయి, "గొంతు అచ్చం మీ నాయినదే" అన్నాడు. రెండో కాల్‌లో పని మాటల్లోకి దిగాం. నేను ఎక్కడ పడుకోవాలి, పేలాలు ఎవరు పోయాలి, అయ్యగారికి ఎవరు చెప్పాలి, అన్నీ ఆయనతోనే తేల్చుకున్నాను. పడక మామ ఇంట్లోనే అనుకున్నాం, నాయినకు నాకు మధ్య మాటల్లేవు కాబట్టి. మీ ఇంట్లో కొట్టే, గదిలో పెట్టి తాళం వేసే మనుషులుంటే ఇంట్లో అసలు దిగకండి. లాడ్జిలో రూం తీసుకోండి, ఒరిజినల్ కాగితాలు స్నేహితుల దగ్గర వదిలి జిరాక్సులే తీసుకెళ్లండి. మీరు ఎప్పుడు తిరిగొస్తారో వాళ్లకు తెలిసి ఉండాలి.

సాగర్ రింగ్ రోడ్డు దగ్గర బస్సెక్కాను. ఆడవాళ్లందరికీ జీరో టికెట్ ఇస్తూ వచ్చిన కండక్టర్ నన్ను ఏమీ అడక్కుండానే డబ్బులు తీసుకుని టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఆ కాగితం దాచుకున్నాను.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఛాతీకి కట్టే బైండర్ తెల్లవారుజామున ఐదింటికే వేసుకున్నాను. ముహూర్తం మధ్యాహ్నం దగ్గరపడ్డాక. మే ఎండ, హోమం పొగ, పైన సిల్కు కుర్తా. పన్నెండు దాటేసరికి ఊపిరి పూర్తిగా అందడం లేదు, పక్కటెముకల దగ్గర పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరుగుతున్నాయి. అవి కనపడ్డాయంటే ఇక ఓర్చుకోకూడదు, వెంటనే విప్పేయాలి. ఎనిమిది గంటలకు మించి బైండర్ వేసుకోకూడదని నాకు తెలుసు, కానీ ఎండలో అంతసేపు కూడా ఆగలేమని ఆ రోజే తెలిసింది. మీరైతే ముహూర్తానికి గంట ముందు వేసుకోండి, తంతు అయిపోగానే తీసేయండి. లోపల పలచని కాటన్ బనియన్, పైన వదులు కుర్తా, భుజాన కండువా ఉంటే మిగతా టైమంతా గడిచిపోతుంది. బట్టలు మార్చుకునే చోటు కూడా ముందే చూసుకోండి. ఫంక్షన్ హాల్లో ఉండే రెండు గదులూ ఎప్పుడూ జనంతో నిండి ఉంటాయి. నేను మామ కారులో అద్దాలకు తువ్వాళ్లు కట్టి విప్పుకున్నాను.

అయ్యగారు "పిల్ల అన్న ఎవరు?" అని అడిగారు. "వీడే" అన్నాడు మామ. అంతే. చేటలోంచి పేలాలు తీసి మూడుసార్లు పోశాను. చెల్లె దోసిలి వణుకుతోంది, నా చెయ్యీ వణుకుతోంది, సగం పేలాలు చాప మీదే పడ్డాయి. పెద్దమ్మ వెనక నుంచి పాత పేరుతోనే పిలిచింది. నేను తిరగలేదు, చెల్లె తిరిగి "అన్నను పిలుస్తున్నవా పెద్దమ్మా?" అంది.

మధ్యాహ్నం కట్నాలు రాసే దగ్గర నాతో బళ్లో చదివినవాడు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి పెన్ను ఆపి, "ఏం పేరు రాయాలె?" అని మెల్లగా అడిగాడు. చెప్పాను. రాసుకుని, "పెళ్లికూతురు అన్న" అని కలిపి మైకులో చదివాడు. నాయిన ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు. తల ఎత్తలేదు, లేచి పోనూ లేదు.