ఫారం చేతికొచ్చాకే ఇన్వాయిస్

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇత్తడి దీపాలు, కుంకుమ భరిణెలు, జర్మన్ సిల్వర్ పళ్లేలు ఇండియా నుంచి తెప్పించి రిటర్న్ గిఫ్టులుగా ఇంటి నుంచే అమ్ముతున్నాను. సేల్స్ ట్యాక్స్ పర్మిట్ ఉంది. ఇన్నాళ్లూ అందరి దగ్గరా ట్యాక్స్ తీసుకున్నాను. ఇప్పుడు ప్లేనోలో బొటీక్ నడిపే ఒక అక్క 2,400 డాలర్ల ఆర్డర్ ఇచ్చి, "మాదీ బిజినెస్సే కదమ్మా, ట్యాక్స్ లేకుండా ఇన్వాయిస్ వేసెయ్" అంటున్నారు. వాట్సాప్‌లో వాళ్ల ఈఐఎన్ కూడా పంపారు. బాగా తెలిసినవాళ్లు, కాగితాలు అడగాలంటే మొహమాటంగా ఉంది. ట్యాక్స్ తీసేయొచ్చా?

జవాబు: ఆ ఈఐఎన్ చూసి మాత్రం తీసేయకండమ్మా. ట్యాక్స్ లేకుండా అడగడంలో ఆ అక్క తప్పేమీ లేదు. మీ దగ్గర కొన్న దీపాన్ని ఆవిడ మళ్లీ అమ్ముతారు, ట్యాక్స్ ఆవిడ కస్టమర్ దగ్గర తీసుకుంటారు. ఒకే వస్తువు మీద రెండుసార్లు ట్యాక్స్ పడకూడదు కాబట్టి, మధ్యలో ఉన్న మీ అమ్మకానికి మినహాయింపు దొరుకుతుంది. అయితే అది "బిజినెస్" అన్న మాటతో రాదు, మళ్లీ అమ్మడానికే కొంటున్నానని ఆవిడ రాసిచ్చే రీసేల్ సర్టిఫికెట్‌తో వస్తుంది. ఆ కాగితం లేని అమ్మకం ట్యాక్స్ పడే అమ్మకమేనని టెక్సస్ చట్టం ముందే అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే.

ఈఐఎన్ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నంబర్, 9 అంకెలు. సేల్స్ ట్యాక్స్‌తో దానికి సంబంధమే లేదు. పనివాళ్లకి జీతాలివ్వడానికో బ్యాంకు అకౌంట్ తెరవడానికో ఎవరైనా తీసుకోవచ్చు. మీకు కావాల్సింది రాష్ట్ర పన్నులు చూసే టెక్సస్ కంప్ట్రోలర్ ఆఫీసు ఇచ్చిన సేల్స్ ట్యాక్స్ పర్మిట్ నంబర్, దానికి 11 అంకెలుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన నంబర్‌లో రెండంకెల తర్వాత గీత, ఆ తర్వాత ఏడంకెలు కనిపిస్తే అది ఈఐఎన్ అని అక్కడికక్కడే తెలిసిపోతుంది. నిజానికి 11 అంకెల నంబర్ ఒక్కటి పంపినా చాలదు. గోడకి తగిలించిన పర్మిట్ ఫొటో తీసి పంపినా చాలదు. ఆవిడ నింపి, సంతకం పెట్టిన ఫారం కావాలి.

ఆ ఫారం నంబర్ 01-339. కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు పేజీ రీసేల్ సర్టిఫికెట్, వెనక పేజీ మినహాయింపు ధ్రువీకరణ. మీ బొటీక్ అక్కకి ముందు పేజీ చాలు. కొనేవాళ్ల పేరు, అడ్రసు, 11 అంకెల పర్మిట్ నంబర్, అమ్మేవాళ్లుగా మీ పేరు, అడ్రసు, ఏ వస్తువులు కొంటున్నారు, వాళ్ల వ్యాపారం ఏమిటి, సంతకం, తేదీ. అంతే. నింపడానికి ఐదు నిమిషాలు పట్టదు. ప్రభుత్వానికి పంపే పని కూడా లేదు, అది మీ ఫైల్లో ఉండాల్సిన కాగితం.

చేతికొచ్చాక నేనైతే రెండు చోట్ల ఆగి చూస్తాను. మొదటిది నంబర్. కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో Sales Taxpayer Search అని ఒక పేజీ ఉంది. అందులో నంబర్ కొడితే ఆ పర్మిట్ ఎవరి పేరు మీదుందో, ఇంకా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. ఫారంలో బొటీక్ పేరుండి, అక్కడ ఇంకెవరి పేరో వస్తే ఆ కాగితం వెనక్కివ్వాలి. చూసిన రోజే ఆ పేజీని ప్రింటో స్క్రీన్‌షాటో తీసి ఫారంతో కలిపి పెట్టుకోండి. రెండోది వస్తువుల వివరణ. అక్కడ "గిఫ్ట్ ఐటమ్స్, పూజా సామగ్రి, ఇంటి అలంకరణ వస్తువులు" అని ఉంటే మీరు అమ్మేదానికి సరిపోతుంది. "బట్టలు" అని మాత్రమే ఉంటే, 150 ఇత్తడి దీపాలు బొటీక్‌కి ఎందుకని ఆడిటర్ మిమ్మల్ని అడుగుతాడు. ఆవిడ నిజంగానే దీపాలు కూడా అమ్ముతుంటే ఆ మాట రాసి మళ్లీ సంతకం పెట్టమనండి.

ఇంత చూడమనడం ఎందుకంటే, పూర్తిగా నింపిన సర్టిఫికెట్‌ని మంచి నమ్మకంతో తీసుకుంటేనే చట్టం మీకు రక్షణ ఇస్తుంది. ఆ తర్వాత ఆ అక్క సరుకుని అమ్మకుండా సొంతానికి వాడుకున్నా, ఆ ట్యాక్స్ కట్టాల్సింది ఆవిడే. అబద్ధపు సర్టిఫికెట్ ఇవ్వడం నేరమని ఫారం మీదే రాసుంటుంది, కింద సంతకం ఆవిడది. కానీ అబద్ధమని మీకు తెలిసి తీసుకుంటే ఆ రక్షణ పోతుంది. ఉదాహరణకి ఆర్డర్ చెప్పేటప్పుడే "ఇందులో రెండు పెద్ద దీపాలు మా ఇంట్లో వ్రతానికమ్మా" అన్నారనుకోండి. మీరు విన్నారు కదా. ఒక్కోటి 60 డాలర్లయితే ఆ రెంటి 120 మీద 9 డాలర్ల 90 సెంట్లు ట్యాక్స్ వేసి, మిగతా 2,280 ట్యాక్స్ లేకుండా చూపించాలి. ఒకే ఇన్వాయిస్‌లో రెండు వరసలుగా రాయొచ్చు.

ఇక డబ్బు సంగతి. మీ ఊళ్లో రాష్ట్రానికి 6.25, స్థానికంగా 2, మొత్తం 8.25 శాతం. 2,400 మీద 198 డాలర్లు. హోల్‌సేల్ ధరకిస్తున్నారు కాబట్టి మీకు మిగిలేది 20 శాతం, అంటే 480 అనుకుందాం. రేపు ఆడిట్‌లో ఈ కాగితం లేదని తేలితే ఆ 198 మీ జేబులోంచే పోతుంది, మీ లాభంలో 40 శాతం పైనే. ఇలాంటి ఆర్డర్లు మూడేళ్లలో పన్నెండు వచ్చాయనుకోండి, అమ్మకం 28,800, ట్యాక్స్ 2,376. గడువు దాటి 30 రోజులు మించితే పెనాల్టీ 10 శాతం, అది ఇంకో 237 డాలర్ల 60 సెంట్లు, పైన వడ్డీ. ఆడిటర్ మామూలుగా నాలుగేళ్ల వెనక్కి వెళ్లగలడు. అప్పటికి ఆ బొటీక్ ఉంటుందో మూసేస్తారో ఎవరికి తెలుసు? మూసేసిన షాపు ఓనర్‌ని పట్టుకుని పాత తేదీల అమ్మకాలకి సంతకం అడగడం ఎంత కష్టమో, ఆ అవస్థ పడ్డ ఒక క్లయింట్ పక్కన కూర్చుని చూశాను. ఆడిట్ మొదలయ్యాక తెచ్చిన సర్టిఫికెట్లని అధికారులు ఊరికే ఒప్పుకోరు, కొన్నవాళ్లని అడిగి మరీ సరిచూస్తారు.

ఆడిటర్‌కి ఎలా తెలుస్తుందని అనుకోవచ్చు. మీరే చెబుతారు. సేల్స్ ట్యాక్స్ రిటర్న్‌లో మొత్తం అమ్మకాలు ఒక గడిలో, ట్యాక్స్ పడే అమ్మకాలు ఇంకో గడిలో వేస్తారు. ఈ ఆర్డర్ 2,400 మొదటి గడిలో ఉంటుంది, రెండో గడిలో ఉండదు. ఆ తేడాకి లెక్క అడిగినప్పుడు ఫైల్ తీసి చూపించేది ఈ ఒక్క కాగితాన్నే. ట్యాక్స్ లేదు కదా అని మొదటి గడిలో వేయకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయకండి.

మొహమాటం సంగతికొస్తే, ఆ అక్క తన సరుకు ఇంకో చోట హోల్‌సేల్‌గా కొంటూనే ఉంటారు, అక్కడ ఈ ఫారం ఇచ్చే ఉంటారు. ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "అక్కా, ఆర్డర్ రెడీ చేస్తున్నాను. ట్యాక్స్ లేకుండా ఇన్వాయిస్ వేయడానికి 01-339 ముందు పేజీ నింపి సంతకం పెట్టి పంపండి. పర్మిట్ నంబర్ 11 అంకెలది వేయండి, ఈఐఎన్ కాదు. ఒకసారి ఇస్తే తర్వాతి ఆర్డర్లకీ అదే సరిపోతుంది. ఫారం అందిన రోజే ఇన్వాయిస్ పంపేస్తాను." తర్వాతి ఆర్డర్లకీ సరిపోతుందన్నది మాటవరసకి కాదు. అదే రకం సరుకు కొంటున్నంత కాలం ప్రతిసారీ కొత్తది అక్కర్లేదు. నేను మాత్రం నా క్లయింట్లతో ఏటా జనవరిలో ఒకసారి అందరి పర్మిట్ నంబర్లూ మళ్లీ వెతికిస్తాను.

"పండక్కి సరుకు అర్జంటు, ఫారం తర్వాత పంపుతా" అంటే? సరుకు ఇవ్వండి, ఇన్వాయిస్ 2,598కి వేయండి. ఫారం వచ్చాక 198 వెనక్కిచ్చి, క్రెడిట్ మెమో రాసుకోండి. ఈలోపు ఆ త్రైమాసికం రిటర్న్ వేసేసి ఉంటే తర్వాతి రిటర్న్‌లో సర్దుకోవచ్చు. అయితే డబ్బు ముందు ఆవిడ చేతికి చేరాలి, ఆ తర్వాతే మీరు క్రెడిట్ తీసుకోవాలి. ట్యాక్స్ లేకుండా వేసి ఫారం కోసం ఎదురుచూడటం కన్నా ఇదే నయం. 198 వెనక్కి రావాలి కాబట్టి ఫారం కూడా తొందరగా వస్తుంది!

మీ దగ్గరకి ఇంకో రెండు రకాల కస్టమర్లు కచ్చితంగా వస్తారు, వాళ్ల సంగతి కూడా చెప్పేస్తాను. దీపావళికి ఉద్యోగులకి పంచడానికి 100 పళ్లేలు కావాలని ఒక ఐటీ కన్సల్టింగ్ కంపెనీ అడుగుతుంది. వాళ్ల దగ్గర పర్మిట్ ఉన్నా, ఫారం సంతకం పెట్టి పంపినా, అవి అమ్మడానికి కాదు, పంచడానికని మీకు తెలుసు. ట్యాక్స్ వేయాల్సిందే.

రెండోది గుడి. దానికి రీసేల్ కాదు, వెనక పేజీ వర్తిస్తుంది. గుడివాళ్లు 501(c)(3) ఉత్తరం చూపిస్తారు, అది ఫెడరల్ ఆదాయపు పన్నుకి సంబంధించింది. టెక్సస్ సేల్స్ ట్యాక్స్ మినహాయింపు కంప్ట్రోలర్ విడిగా ఇస్తారు, వచ్చిందో లేదో ఆ వెబ్‌సైట్‌లోనే వెతికి చూడొచ్చు. విచిత్రం ఏమిటంటే వెనక పేజీకి నంబరే అక్కర్లేదు, "ట్యాక్స్ ఎగ్జెంప్ట్ నంబర్" అనేదే లేదని ఫారం మీదే అచ్చువేశారు. కాబట్టి ఎవరైనా అలాంటి నంబరొకటి చెబితే అనుమానించండి. కొనేది కూడా గుడే అయి ఉండాలి. గుడికి ఇవ్వడానికని ఒక భక్తుడు సొంత డబ్బుతో కొంటే అది ఆయన కొనుగోలే, 8.25 వేయండి.

ఇవన్నీ టెక్సస్ లెక్కలు. అట్లాంటా బొటీక్ నుంచి ఆర్డర్ వచ్చి, మీరే కొరియర్‌లో అక్కడికి పంపితే టెక్సస్ ట్యాక్స్ పడదు, కొరియర్ రసీదు దాచుకోండి. వాళ్లే ఫ్రిస్కో వచ్చి మీ గరాజ్‌లోంచి కార్లో వేసుకుని వెళ్తే అది టెక్సస్ అమ్మకమే, అప్పుడు వాళ్ల రాష్ట్రం రిజిస్ట్రేషన్ నంబర్ వేసిన 01-339 తీసుకున్నాకే తాళం తీయండి.