ఆమె పన్నెండేళ్ల నాటి స్నేహితుల మధ్య నా మొదటి సాయంత్రం

ప్రశ్న: మేమిద్దరం దగ్గరై నాలుగు నెలలవుతోంది. వచ్చే శనివారం తన క్లోజ్ ఫ్రెండ్స్ ఐదుగురికి నన్ను పరిచయం చేస్తానంటున్నాడు. వాళ్లది చిన్నప్పటి స్నేహం. నేను కొత్తవాళ్ల దగ్గర పెద్దగా మాట్లాడలేను. నటించకుండా, అలాగని బొమ్మలా కూర్చోకుండా ఎలా ఉండాలి? ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తక్కువ మాట్లాడటం పెద్ద ఇబ్బందేమీ కాదండీ. నా విషయంలో కొంప ముంచింది నా నోరే.

ఇప్పుడు నా భార్య అయిన అమ్మాయితో పరిచయమైన కొత్తలో ఆమె స్నేహితులు నలుగురిని కలవడానికి వెళ్లాను. ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. పన్నెండేళ్ల స్నేహం వాళ్లది. వెళ్లే ముందు రెండు రోజులు ఆమెను కూర్చోబెట్టి ఒక్కొక్కరి గురించీ అడిగాను. ఎవరేం చేస్తారు, ఎవరికేం ఇష్టం, ఎవరి దగ్గర ఏ మాట ఎత్తితే హుషారొస్తుంది, అన్నీ. పరీక్షకు వెళ్లే పిల్లాడిలా బట్టీ పట్టాను.

వెళ్లిన పావుగంటకే ఆ చదువంతా బయటపడింది. వాళ్లలో ఒకామె నా ఉద్యోగం గురించి అడిగింది. జవాబు చెప్పి ఊరుకోవచ్చు కదా. కలుపుగోలుగా ఉందామని, "మీరు ఈమధ్యే మానేశారట కదా, మళ్లీ ఏమైనా చూస్తున్నారా?" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు, నా పక్కన కూర్చున్న తన స్నేహితురాలి వైపు చూసింది. ఉద్యోగం పోయిన సంగతి మిగతా ముగ్గురికీ ఆమె ఇంకా చెప్పనే లేదట. ఒక్క స్నేహితురాలితోనే చెప్పుకుంది. ఆ స్నేహితురాలు నాకు చెప్పింది. నేను నలుగురిలో చెప్పేశాను.

అందుకే శనివారంలోపు మీరు అతన్ని అడగాల్సిన ప్రశ్న వాళ్ల ఇష్టాయిష్టాల గురించి కాదు. "నువ్వు నాకు చెప్పినవాటిలో, నాకు తెలుసని వాళ్లకు తెలియకూడనివి ఏంటి?" అని అడగండి. ఈ నాలుగు నెలల్లో వాళ్ల ప్రేమ వ్యవహారాలు, అప్పులు, ఇంట్లో గొడవలు, ఆరోగ్యం గురించి మాటల్లో మాటగా ఎన్నో చెప్పి ఉంటాడు. వాటిలో ఏది ఐదుగురికీ తెలిసిన విషయం, ఏది ఒక్కరు అతనితో మాత్రమే చెప్పుకున్న విషయం అన్నది మీకు తెలిసే దారి లేదు. దాన్ని విడదీసి చెప్పగలిగింది అతనొక్కడే. దాంతోపాటు మీ గురించి వాళ్లకు ఏం చెప్పాడో కూడా అడిగి ఉంచుకోండి. లేకపోతే ఎవరో మీ గురించి ఏదో అనగానే తెల్లముఖం వేయాల్సి వస్తుంది.

ఇవి కాక, పేర్లు తెలిస్తే చాలు. మిగతాది తెలియకుండా వెళ్లడమే మేలు. తెలియనప్పుడు నిజంగా అడగొచ్చు. అన్నీ తెలుసుకుని వెళ్తే ప్రతిదానికీ ఆశ్చర్యం నటించాలి, అది మొహంలో తెలిసిపోతుంది.

ఇక రెండో తప్పు. ఉద్యోగం మాట తర్వాత పరిస్థితి చక్కబెడదామని నా దగ్గరున్న మంచి కథ ఒకటి తీశాను. ఒక కొండ ఎక్కుతూ దారి తప్పిన కథ. ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పినా పండింది. ఇక్కడ మాత్రం "ఓహో", "అవునా" అన్నారు, అంతే. రెండు నిమిషాలు తిరక్కుండానే వాళ్లలో ఒకామె, "ఆ రోజు డాబా మీద చిక్కుకుపోయాం చూడు" అని మొదలెట్టింది. నలుగురూ నవ్వడం మొదలుపెట్టారు. కథేంటో నలుగురికీ కంఠతా వచ్చు. అయినా మొదటిసారి వింటున్నంత సంబరం. నా కథ అంత చప్పగా ఉందా అని నాకు చిన్నతనంగా అనిపించింది.

చాలాకాలం తర్వాత దానికి కారణం చదివాను. గస్ కూనీ, డేనియల్ గిల్బర్ట్, టిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇది. చెప్పేవాళ్లేమో వినేవాళ్లకు కొత్త కథ నచ్చుతుందనుకుంటారు. వినేవాళ్లకు మాత్రం తమకూ తెలిసిన అనుభవం గురించి వినడమే ఎక్కువ నచ్చుతుంది. కొత్త కథలో చెప్పేవాడి కళ్ల ముందున్నదంతా మాటల్లోకి రాదు, మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. పాత కథలో ఆ ఖాళీల్ని వినేవాళ్లు తమ జ్ఞాపకంతో నింపేసుకుంటారు. నా కొండను ఆ నలుగురూ చూడలేదు. వాళ్ల డాబా మాత్రం నలుగురికీ కళ్లకు కట్టినట్టుంది.

కాబట్టి వాళ్లు పాత కథల్లోకి వెళ్లినప్పుడు "నన్ను పక్కన పెట్టేశారు" అనుకోకండి. మీకు అందిన తలుపు అదే. డాబా కథలో నేను తెలివితో కాదు, నిజంగా అర్థం కాక ఒక మాట అడిగాను: "అసలు తాళం ఎవరి దగ్గరుంది?" అంతే. ఒకామె "ఇతని దగ్గరే" అంది. అతను "నా దగ్గర లేదు, నీ సంచిలోనే ఉంది" అన్నాడు. పన్నెండేళ్లుగా తేలని తగువట అది. ఇద్దరూ నా వైపు తిరిగి ఎవరి వాదన వాళ్లు వినిపించారు, నన్ను తీర్పరిని చేశారు. ఆ సాయంత్రం నేను వాళ్ల మధ్యలోకి వచ్చింది అప్పుడే. నేను మాట్లాడింది నాలుగు ముక్కలు.

ఈ ప్రశ్నకూ, "మీరేం చేస్తుంటారు? ఎక్కడుంటారు?" లాంటి ప్రశ్నలకూ తేడా ఉంది. అవి ఎవరినైనా అడిగేవి, వాటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇది ఎదుటివాళ్లు ఇప్పుడే అన్న మాటలోంచి పుట్టింది. వింటేనే గానీ రాదు. హార్వర్డ్ పరిశోధకులు 2017లో మాటల రికార్డులు పరిశీలించినప్పుడు, ఇలా చెప్పినదాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న వేసేవాళ్లే ఎదుటివాళ్లకు ఎక్కువగా నచ్చారని తేలింది. తక్కువ మాట్లాడేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది, మీరు ఎలాగూ వింటూనే ఉంటారు.

దీనికీ ఒక హద్దుంది. ఒకరినే వరసగా మూడు నాలుగు ప్రశ్నలు అడిగితే అది ఇంటర్వ్యూ అయిపోతుంది. జవాబులు పొట్టిగా వస్తున్నా, ఎవరైనా "మరి మీ సంగతి చెప్పండి" అన్నా, మీ వంతు వచ్చిందని అర్థం. అప్పుడు "నాదేముంది" అని తప్పించుకోకండి. రెండు మూడు వాక్యాలైనా సరే, నిజమైనది ఒకటి చెప్పండి. "నాకు కొత్తవాళ్ల మధ్య మాట తొందరగా రాదు" అన్నా పర్వాలేదు. మొదట్లోనే ఒకసారి, నవ్వుతూ అనేస్తే మీ మౌనాన్ని ఎవరూ పొగరనుకోరు. కానీ ఒక్కసారే. పదే పదే అంటే అందరూ మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు.

ఐదుగురు, మీరిద్దరు, మొత్తం ఏడుగురు. ఏడుగురి మధ్య ఒకే మాట ఎక్కువసేపు నడవదు. నలుగురు దాటగానే మాట రెండు మూడు పాయలుగా చీలిపోతుంది. అది మీకు మంచిదే. అందరినీ మెప్పించే పని లేదు, పక్కన కూర్చున్న ఇద్దరితో మాట కలిస్తే చాలు. వీలైతే అందరికంటే కాస్త ముందే వెళ్లండి. మేము ఆఖరున వెళ్లాం. గదిలోకి అడుగు పెట్టేసరికి నాలుగు జతల కళ్లు ఒకేసారి నా మీద పడ్డాయి. ముందే ఉంటే ఒక్కొక్కరూ వస్తుంటే ఒక్కొక్కరే పరిచయమవుతారు. అతని పక్కనే అతుక్కుని కూర్చోవద్దని కూడా చెబుతాను. కొంచెం దూరంగా, ఎదురుగా ఉండండి. పక్కనే ఉంటే వచ్చే ప్రశ్నలన్నిటికీ మీ బదులు అతనే జవాబు చెప్పేస్తాడు, ప్రేమతోనే అనుకోండి.

అతన్ని వాళ్లు ఆటపట్టిస్తారు. తప్పకుండా జరుగుతుంది. అప్పుడు వెనకేసుకు రాకండి, మీరూ ఓ చెయ్యి వేయకండి. వెనకేసుకొస్తే వాళ్ల సరదాను తప్పుపట్టినట్టవుతుంది. చెయ్యి వేస్తే మీ ఇద్దరి మధ్య మాత్రమే ఉండాల్సింది ఏదో బయటికొస్తుంది. నవ్వండి, చాలు. ఎవరైనా నోరుజారి అతని పాత గర్ల్‌ఫ్రెండ్ పేరెత్తితే అక్కడున్నవాళ్లలో ఎక్కువ ఇబ్బంది పడేది ఆ మాటన్న మనిషే. మీరు మామూలుగా ఉండి కథ పూర్తి కానిస్తే ఆ మేలు ఆ మనిషికి గుర్తుండిపోతుంది. అడగాల్సింది ఏమైనా ఉంటే తర్వాత అతన్ని అడగండి.

ఇక ఎలా జరిగిందో తెలిసేదెలా? ఇక్కడ మీ మనసు చెప్పేది పెద్దగా నమ్మకండి. ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ఒక విషయం చూపించారు. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక మనం వాళ్లకు ఎంత నచ్చామనుకుంటామో, నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చి ఉంటాం. సిగ్గరుల్లో ఆ తేడా ఇంకా ఎక్కువట. మాటల్లో వచ్చే పొగడ్తను కూడా లెక్కలోకి తీసుకోకండి, మర్యాదకు అందరూ పొగుడుతారు. అతను పక్క గదిలోకి వెళ్లినప్పుడు కూడా వాళ్లు మీతో మాట్లాడుతున్నారా అన్నది చూడండి. వాళ్లలో వాళ్లకే తెలిసిన జోకు వచ్చినప్పుడు, మీరు అడక్కుండానే ఎవరైనా మీ వైపు వంగి దాని వెనక కథ చెబుతున్నారా? చెబితే మీకు చోటిచ్చినట్టే.

ఇంటికి వెళ్తూ దారిలో "నా గురించి ఏమన్నారు?" అని మాత్రం అడగొద్దు. నేను అడిగాను. పాపం ఆమె ఇటు నన్నూ నొప్పించలేక, అటు వాళ్ల మాటా దాచలేక నలిగిపోయింది. బదులుగా మీకు నచ్చిన మనిషి గురించి ఒక మాట చెప్పండి, అది ఎలాగూ వాళ్లకు చేరుతుంది.

ఉద్యోగం మాట సంగతి ఏమైందంటారా. అప్పుడే అందరి ముందూ క్షమాపణ చెబితే ఆ విషయం ఇంకా నలుగుతుందని ఊరుకున్నాను. చివర్లో ఆమె ఒక్కతే కప్పులు కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడి, "నేనా మాట అనాల్సింది కాదు. తప్పు నాది, తనది కాదు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కడిగిన కప్పు నా చేతికిచ్చి, తుడవమన్నట్టు గుడ్డ వైపు చూపించింది. మిగిలినవన్నీ ఇద్దరం కలిసి ముగించాం.