అత్తవారింట ఉండిపోయిన బంగారం: సివిల్ దావా ఎవరు వేయాలి?

"అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది. మేం పెట్టిన 20 తులాల బంగారం, బీరువా, మంచం అత్తవారింట్లోనే ఉన్నాయి. పోలీసు కేసు వద్దు. తండ్రిగా నేనే దావా వేయొచ్చా?"

వద్దండీ, దావా అమ్మాయి పేరు మీదే వేయించండి. ఇలా అమ్మాయికి పెట్టిన స్త్రీధనానికి ఆమె ఒక్కతే యజమాని. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురి అధికారం లేకుండా తండ్రి దాన్ని తిరిగి అడగలేడని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

ముందు అమ్మాయి తరఫున లాయర్ నోటీసు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో భర్తకూ, వస్తువులు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకూ పంపించండి. జవాబులో "ఇవ్వం" అంటే ఆ తేదీ జాగ్రత్త: కాలపరిమితి సాధారణంగా మూడేళ్లే. తర్వాత ఫ్యామిలీ కోర్టులో దావా.

ఇలాంటి దావాలు ఎక్కువగా దెబ్బతినేది వస్తువుల జాబితా దగ్గరే. "20 తులాల నగలు" అని గంపగుత్తగా రాయకండి. "హారం, 48 గ్రాములు, ఫలానా తేదీ బిల్లు, పెళ్లి ఫోటోలో మెడలో ఉంది" అని ఒక్కో నగకూ విడిగా రాయాలి. బిల్లు లేకపోతే షాపు పాత లెక్కల నుంచి నకలు అడగండి. నగ ఎవరి చేతికి, ఎప్పుడు ఇచ్చారో కూడా దావాలో ఉండాలి. అవతలివాళ్లు మొదట చెప్పేది "వెళ్తూ తనే తీసుకెళ్లింది" అనే. ఇక్కడ క్రిమినల్ కేసంత గట్టి రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగినదో కోర్టు చూస్తుంది.

వస్తువు దొరక్కపోతే దాని విలువ ఇప్పించమని ప్రత్యామ్నాయంగా తప్పక కోరండి. కరిగించేసిన బంగారానికి అదే దారి. లాకర్‌లో ఉంటే, తీయకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా దావాతోపాటే అడగండి.